కౌంటరు మూసి గోదాము తెరవడం: పర్లాకిమిడిలో ఒక యజమాని ప్రసంగాన్ని విప్పి చూస్తే

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి పర్లాకిమిడి బజారులోని ఒక బట్టల దుకాణం యజమాని షట్టరు సగం దించి, చీరలు పరిచి చూపించే తెల్ల పరుపు మీదే తన పదిమంది సిబ్బందిని కూర్చోబెట్టి మాట్లాడారు. పాతికేళ్ల కిందట ఒక్క గదితో ఆయన మొదలుపెట్టిన దుకాణం అది. ఇకమీదట చిల్లర అమ్మకం ఆపేసి టోకు వ్యాపారంలోకి వెళుతున్నామని చెప్పడానికే ఆ సమావేశం. ఆ దుకాణం లెక్కలు చూసేవాడిగా నేనూ పరుపు చివర కూర్చున్నాను. అంతకు వారం ముందే ఆయన రాసుకున్న చిత్తుప్రతి చదివాను. ఆ చిత్తుకూ ఆ రాత్రి ఆయన చెప్పిన మాటలకూ చాలా తేడా ఉంది. చిల్లర నుంచి టోకుకు మారడమంటే ఏమిటో ఆ తేడాను బట్టే నాకు స్పష్టంగా అర్థమైంది.

చిత్తులో మూడు ముఖ్యమైన మాటలున్నాయి. మనమంతా ఒక కుటుంబం. మనం పెద్ద వ్యాపారంగా ఎదుగుతున్నాం. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు. మొదటిది ఆయన మనసులోంచి వచ్చింది. రెండోది సగమే నిజం. మూడోది నిజం కాదు, అది ఆయనకూ తెలుసు. మూడో మాట తీసేయమని నేను అడిగాను. తీసేస్తే దాని స్థానంలో ఏదో ఒకటి చెప్పాలి కదా అన్నారు. అక్కడి నుంచి మేమిద్దరం నాలుగు రాత్రులు లెక్కలు వేశాం.

మొదట తేలాల్సింది, అసలు ఎందుకు మారుతున్నాం అన్నది. అంకెలు గుండ్రంగా చెబుతాను. బాగా సాగిన రోజుల్లో ఈ దుకాణం ఏడాదికి 1.2 కోట్ల అమ్మకం చేసేది. చిల్లరలో వంద రూపాయల చీరకు కొనుగోలు ధర పోగా 25 రూపాయలు మిగిలేవి, అంటే ఏడాదికి 30 లక్షలు. బరంపురంలో పెద్ద షోరూములు వచ్చాయి, ఫోనులో చీర ఎంచుకుని ఇంటికే తెప్పించుకోవడం అలవాటైంది. అమ్మకం 90 లక్షలకు పడింది, మిగులు 22.5 లక్షలకు తగ్గింది. జీతాలకు 15 లక్షలు, అద్దెకు 3 లక్షలు, కరెంటు, పన్ను, ఇతర ఖర్చులకు 2.4 లక్షలు పోతాయి. యజమాని చేతికి ఏడాదికి సుమారు 2 లక్షలే మిగులుతున్నాయి. తన దగ్గర పనిచేసే అమ్మాయి ఏడాదికి తీసుకునే జీతం కంటే అది మరీ ఎక్కువేమీ కాదు. చిత్తులో ఈ ముక్క లేదు. సిబ్బందికి చెప్పడం నామోషీ అనుకున్నారు. ఆ రాత్రి అన్నిటికంటే ముందు చెప్పింది ఇదే. చెప్పగానే గదిలో కదలిక ఆగిపోయింది. అప్పటిదాకా వాళ్లు యజమాని దగ్గర దండిగా డబ్బుందని, ఆశకొద్దీ వ్యాపారం మారుస్తున్నారని అనుకుంటున్నారు.

ఇక టోకు లెక్క. చుట్టుపక్కల చిన్న దుకాణాలకు చీరలు, పంచెలు, లుంగీలు బేళ్లలో అమ్మితే వందకు మిగిలేది 8 రూపాయలు. గోదాము అద్దె, తక్కువ మంది సిబ్బంది, వాహనం, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపితే ఏడాది ఖర్చు 21 లక్షల పైచిలుకు అవుతుందని తేలింది. వందకు 8 చొప్పున ఆ ఖర్చు రాబట్టాలంటే ఏడాదికి 2.65 కోట్ల అమ్మకం కావాలి. అంటే నెలకు 22 లక్షలు. ఇప్పుడు జరుగుతున్నది నెలకు ఏడున్నర లక్షలు. మూడింతలు అమ్మితే తప్ప ఖర్చులైనా రావు. ఏడు లక్షల లాభం కావాలంటే అమ్మకం 3.5 కోట్లకు చేరాలి. అది రెండో ఏడాదికి పెట్టుకున్న లక్ష్యం. సిబ్బందికి 3.5 కోట్లు అన్న మాట గుర్తుండదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదు. నెలకు 22 లక్షలు అన్న ఒక్క గీత గుర్తుంటే చాలు. ఏ నెలలో ఆ గీత దాటలేదో ఆ నెల అందరికీ తెలుస్తుంది. ప్రసంగంలో ఆయన ఆ అంకెను మూడుసార్లు చెప్పారు. ఒకసారి ఒడియాలో కూడా చెప్పారు, ఎందుకంటే పదిమందిలో నలుగురి ఇంటి భాష అదే.

ఇక్కడిదాకా అర్థం చేసుకోవడం తేలిక. చిక్కుముడి దీని తరువాతే ఉంది. చిల్లరలో అమ్మకం, వసూలు ఒకే క్షణంలో జరిగిపోతాయి. చీర మడత పెట్టి సంచిలో వేసే సరికి డబ్బు గల్లాలో ఉంటుంది. టోకులో ఆ రెండింటి మధ్య రెండు నెలలు ఉంటాయి. ఈ ప్రాంతంలో బట్టల దుకాణాలకు అరవై రోజుల అరువు లేకుండా సరుకు అమ్మలేం. రెండో ఏడాది లక్ష్యం ప్రకారం నెలకు 29 లక్షల అమ్మకం అనుకుంటే, రెండు నెలల అరువు అంటే ఎప్పుడు చూసినా 58 లక్షలు ఇతరుల దుకాణాల్లో చీరల రూపంలో ఉన్నట్టే. గోదాములో నెలన్నర సరుకు ఉండాలి, అది మరో 40 లక్షలు. మనకు సరుకు పంపే సూరత్ వాళ్లు ఇచ్చే నెల అరువు తీసేసినా 70 లక్షల పెట్టుబడి కావాలి. చిల్లర దుకాణానికి 17 లక్షలు సరిపోయేవి. మిగతా దానిలో 40 లక్షలు బ్యాంకు సీసీ ఖాతా నుంచి, అంటే కావలసినప్పుడు తీసుకుని తిరిగి కట్టే అప్పు ఖాతా నుంచి, ఇల్లు తాకట్టు మీద. ఆ తాకట్టు విషయం కూడా ఆయన పరుపు మీద కూర్చుని చెప్పారు. చెప్పాలా వద్దా అని చాలా తటపటాయించారు. చెప్పడమే మంచిదైంది. వసూళ్ల గురించి తరువాత ఆయన ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ తప్పుగా తీసుకోలేదు, ఆ గట్టిదనం ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లకు తెలుసు కనుక.

అరువు అరవై రోజులు కాక తొంభై రోజులైతే ఏమవుతుందో చూద్దాం. మరో 29 లక్షలు ఇరుక్కుపోతాయి. అంత సొమ్ము బ్యాంకు ఇవ్వదు, ఇచ్చినా నూటికి 11 వడ్డీ చొప్పున ఏడాదికి 3.2 లక్షలు. ఆశించిన 7 లక్షల లాభంలో దాదాపు సగం అక్కడే పోతుంది. పూర్తిగా మునిగిపోయిన బాకీ సంగతి ఇంకా కష్టం. లక్ష రూపాయల బిల్లు రాకపోతే అందులో మనం పెట్టిన సరుకు ఖరీదు 92 వేలు. వందకు 8 మిగిలే వ్యాపారంలో ఆ 92 వేలు తిరిగి సంపాదించాలంటే పదకొండున్నర లక్షల కొత్త అమ్మకం చేయాలి. చిల్లర కౌంటరులో ఇరవై ఏళ్లు పనిచేసిన వాళ్లకు ఇది కొత్త సంగతి. వాళ్ల దృష్టిలో అమ్మకం అంటే సరుకు చేతులు మారడం. టోకులో డబ్బు వచ్చిన రోజే అమ్మకం పూర్తయినట్టు. ఈ మాట సిబ్బంది మనసుకు పట్టకపోతే గోదాము ఎంత పెద్దదైనా రెండేళ్లలో ఖాళీ అవుతుంది.

మా ప్రాంతంలో అరవై రోజుల లెక్క దానంతట అది నిలబడదు. పర్లాకిమిడి చుట్టూ చిన్న దుకాణాల డబ్బు పంటతో కదులుతుంది. దసరా సరుకు ఆగస్టు, సెప్టెంబరులో తీసుకుంటారు. కొన్నవాళ్లలో చాలామంది దుకాణాలకు డబ్బు ఇచ్చేది వరి కోతలయ్యాక. ఆ డబ్బు మన దాకా వచ్చేసరికి డిసెంబరు, ఒక్కోసారి సంక్రాంతి. జీడిపప్పు ప్రాంతాల్లో మరో రాబడి వేసవిలో వస్తుంది. కాబట్టి అన్ని బిల్లులకూ ఒకే గడువు అని ప్రసంగంలో చెబితే మొదటి దసరాకే అది తప్పిపోతుంది, తప్పిన గడువును తరువాత ఎవరూ పట్టించుకోరు. దానికి బదులు మేము పండుగ సరుకుకు తొంభై రోజులు, మామూలు సరుకుకు నలభై అయిదు రోజులు అని వేరు చేశాం. ఏడాది మొత్తం మీద సగటు అరవైకి దగ్గరగా వస్తుంది.

ఒక చట్టం గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే యజమానే నన్ను దాని గురించి అడిగారు. చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజుల్లో బాకీ చెల్లించాలన్న నిబంధన ఉంది కదా, అది మనకు రక్షణ కాదా అని. 2021 జులైలో టోకు, చిల్లర వర్తకులను ఆ చట్టం కింద జరిగే ఉద్యమ్ నమోదులోకి తీసుకున్నది బ్యాంకుల ప్రాధాన్య రుణాల కోసం మాత్రమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వర్తకులకు వర్తించదు. కాబట్టి బాకీ వసూలు చేయడానికి మన మనుషులు, మన ఖాతా పుస్తకం తప్ప వేరే ఆధారం లేదు.

మరి సరుకు ఎక్కడికి అమ్ముతాం? సరిహద్దు ఊరు కావడం వల్ల ఈ ప్రశ్నకు జవాబు పన్ను కాగితాల్లోకి వెళుతుంది. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్. ఒకే బజారులా తిరిగే రెండు ఊళ్లు రెండు రాష్ట్రాలు. ఈ ఊరి వర్తకం ఏ దారిన పోతుందో పాత చిన్న రైలు చెబుతుంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి, 1931 నాటికి గుణుపురం వరకు వేసిన లైను అది. నేటికీ మా సరుకు వెళ్లాల్సిన దుకాణాలు చాలావరకు ఆ దారి మీదే ఉన్నాయి. ఒక కొస టెక్కలి వైపు ఆంధ్రలో, మరో కొస రాయగడ జిల్లాలో.

ఇన్నేళ్లూ ఈ దుకాణం జీఎస్టీలో కాంపోజిషన్ పథకంలో ఉంది. అమ్మకం కోటిన్నర లోపు ఉన్న వర్తకులు మొత్తం అమ్మకం మీద నూటికి ఒక రూపాయి కట్టి సరిపెట్టుకోవచ్చు. చిల్లర కొట్టుకు అది హాయిగా ఉంటుంది. పాతపట్నం నుంచి ఒక ఇల్లాలు వచ్చి కౌంటరు దగ్గర చీర కొనుక్కుని వెళితే అది ఒడిశాలో జరిగిన అమ్మకమే, ఇబ్బంది లేదు. కానీ అదే చీరల బేలును పాతపట్నంలోని దుకాణానికి పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. కాంపోజిషన్‌లో ఉన్నవారు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. ఒడిశాలోనే అమ్మినా కొనే దుకాణదారుకు పన్ను బిల్లు ఇవ్వలేం, అతడు కట్టిన పన్నును తన లెక్కలో తగ్గించుకోలేడు. అలాంటి బిల్లుతో నమోదైన దుకాణం ఏదీ మన దగ్గర కొనదు. అంటే టోకులోకి వెళ్లే ముందు ఈ పథకం నుంచి బయటకు రావాలి. GST CMP-04 అనే ఫారం వేసి వస్తారు. ఆ తరువాత ఆంధ్రకు వెళ్లే 50 వేలు దాటిన ప్రతి లోడుకూ ఈ-వే బిల్లు ఉండాలి, బిల్లులో సరిహద్దు అవతలి దుకాణానికి ఐజీఎస్టీ అనే అంతర్రాష్ట్ర పన్ను, ఇవతలి దుకాణానికి కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం అని రెండు భాగాల పన్ను పడాలి. బిల్లింగులో కూర్చున్న కుర్రాడు ఊరి పేరు తప్పు కొడితే పన్ను తప్పు ఖాతాకు పోతుంది. ఇన్నాళ్లూ ధర, సంఖ్య కొట్టి బిల్లు తీసిన చేతికి ఇది వేరే పని. ప్రసంగంలో ఆ కుర్రాడి పేరు పెట్టి, అతనికి నెల రోజులు నేర్పిస్తామని, ఆ నెలలో తప్పు పోతే జీతంలో కోయబోమని చెప్పారు. ఆ హామీ చిన్నదే అయినా అవసరమైనది. దండన భయంతో దాచిన తప్పు బిల్లు మూడు నెలల తరువాత బయటపడితే సరిదిద్దడం చాలా కష్టం.

చిత్తులో మరో మాట ఉండేది. కౌంటరు కూడా కొంతకాలం నడుపుదాం, టోకు కుదురుకున్నాక చూద్దాం అని. ఈ జాగ్రత్త వినడానికి తెలివిగా ఉంటుంది. కానీ పాతపట్నంలో మేము మొదట కలిసిన దుకాణదారు అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఈ చీర నాకు 460కి ఇస్తున్నారు, నేను 600కి అమ్మాలి. మీ కౌంటరులో ఇదే చీర ఎంత?” మా కౌంటరులో అది 575. ఆ మాట చెప్పాక ఆయన టీ తాగి మమ్మల్ని పంపించేశారు. చిల్లర అమ్మే దుకాణానికి చుట్టుపక్కల దుకాణాలు పోటీదారులు. టోకులోకి వెళితే ఆ పోటీదారులే కొనుగోలుదారులు. ఒకే గుమ్మంలో రెండూ సాగవు. కౌంటరు తెరిచి ఉన్నన్నాళ్లూ వాళ్లు మన దగ్గర కొనరు, వాళ్లు కొనకపోతే టోకు కుదురుకోదు. మార్చి 31తో కౌంటరు మూస్తామని తేదీతో సహా చెప్పడానికి కారణం ఇదే. సంక్రాంతి అమ్మకం అయిపోయాకే చెప్పడానికీ కారణం ఉంది. దసరాకు ముందు చెబితే సీజను మధ్యలో మంచి పనివాళ్లు వేరే చోటు వెతుక్కుంటారు. కానీ మార్చిలో చెప్పి ఏప్రిల్‌లో మూయడం కూడా అన్యాయం. రెండు నెలల వ్యవధి అందుకే.

ఇక ఆ మూడో మాట, ఉద్యోగాలు. పదిమందిలో ఆరుగురు కౌంటరులో చీరలు చూపించేవాళ్లు. టోకుకు కావలసినవాళ్లు వేరు. ఆర్డర్లకూ వసూళ్లకూ లైను మీద, అంటే ఊరూరా దుకాణాల చుట్టూ, తిరిగేవాళ్లు ఇద్దరు, గోదాములో ముగ్గురు, బిల్లింగుకు ఒకరు, ఫోనులో ఆర్డరు తీసుకుని ఫొటోలు పంపడానికి ఒకరు, సరుకు ఎంపికకు ఒకరు. మొత్తం ఎనిమిది చోట్లు, అందులో సరుకు ఎంపిక చోటు బయటి మనిషికని అనుకున్నాం. అంటే పదిమందిలో ముగ్గురికి చోటు లేదు. ఆయన ఆ మాటను అలాగే చెప్పారు. “ముగ్గురికి నా దగ్గర పని ఉండదు. వాళ్లెవరో రేపు పొద్దున విడివిడిగా నేనే చెబుతాను. అందరి ముందూ పేర్లు చదవను.” వెంటనే, ఆపకుండా, డబ్బు లెక్క చెప్పారు. పనిలోంచి తీసేసేవారికి నెల ముందు నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారం. ఇది చట్టం చెప్పేది. పదిమంది ఉన్న దుకాణం కాబట్టి అయిదేళ్లు దాటినవారికి గ్రాట్యుటీ వేరే. ముగ్గురిలో పద్నాలుగేళ్లుగా ఉన్న ఒకామె జీతం 13 వేలు. గ్రాట్యుటీ లెక్కలో నెలను 26 రోజులుగా తీసుకుంటారు. రోజుకు 500, పదిహేను రోజులకు 7,500, పద్నాలుగేళ్లకు 1,05,000. పరిహారం మరో 90 వేల పైచిలుకు. ఈ సొమ్ము దాన ధర్మం కాదు, ఆమెకు రావాల్సినది.

ఈ చోట చాలా దుకాణాల్లో జరిగే తప్పు ఒకటి ఉంది, దాన్ని చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. ముందుగానే తెల్ల కాగితం ఇచ్చి రాజీనామా రాయించుకుంటారు. రాజీనామా రాసిచ్చిన మనిషికి పరిహారం హక్కు పోతుంది, తనంతట తానే వెళ్లినట్టు అవుతుంది కనుక. గ్రాట్యుటీ హక్కు మాత్రం పోదు, అది చాలామందికి తెలియదు. ఆ రాత్రి యజమాని ఎవరూ ఏ కాగితం మీదా సంతకం చేయనక్కర్లేదని చెప్పినప్పుడు వెనుక వరసలో కూర్చున్న గోదాము మనిషి నా వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూశాడు. నిజమేనని తల ఊపాను.

మిగిలిన ఏడుగురికి ఆయన చెప్పిన ముఖ్యమైన మార్పు కమీషను గురించి. ఇదివరకు పాతబడిన చీర అమ్మితే చీరకు ఇంత అని ఇచ్చేవారు. లైను మీద తిరిగేవాళ్లకు అమ్మకం మీద కమీషను ఇస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అడిగినవాడికల్లా అరువు మీద బేళ్లు దించి వస్తారు, ఆ నెల కమీషను తీసుకుంటారు, బాకీ మాత్రం దుకాణం మీద పడుతుంది. అందుకని కమీషను వసూలైన సొమ్ము మీదే, గడువులోగా వస్తే వందకు 25 పైసలు, గడువు దాటితే లేదు అని పెట్టారు. దానితో పాటు ఒక నియమం కూడా. పాత బిల్లు పూర్తిగా తీరితేనే కొత్త బేలు. మునిగే బాకీకి ముందుగా కనిపించే గుర్తు ఒకటుంది. దుకాణదారు 20 వేలు కట్టి అదే రోజు 50 వేల సరుకు అడుగుతాడు. లైను మీద ఉన్న మనిషికి ఆ రోజు డబ్బూ వచ్చింది, ఆర్డరూ వచ్చింది, సంతోషంగా ఉంటుంది. ఖాతాలో చూస్తే బాకీ 30 వేలు పెరిగింది. మూడుసార్లు ఇలా జరిగితే ఆ దుకాణం మన డబ్బుతో నడుస్తోందని అర్థం.

మాటలయ్యాక ప్రశ్నలు అడగమన్నారు. కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కౌంటరులో అందరికంటే పెద్దావిడ అడిగింది. “బాబూ, కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఏ అంచు అడుగుతారో, ఏ రంగు ముట్టుకోరో నాకు తెలుసు. ఆ దుకాణాల వాళ్లకు ఏం పంపాలో సూరత్ వాళ్లకు తెలుస్తుందా?” సరుకు ఎంపికకు ఒకరు అని కాగితం మీద రాసుకున్న చోటు అప్పటికి ఖాళీగానే ఉంది. బయటి నుంచి అనుభవం ఉన్న ఒకరిని తీసుకుందామని మేమిద్దరం అనుకున్నాం. ఆ ప్రశ్న విన్నాక ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని ఆ ఖాళీలో ఆమె పేరు రాశారు. నిజానికి మర్నాడు పొద్దున విడిగా పిలవాల్సిన ముగ్గురిలో ఆమె ఒకరు. పద్నాలుగేళ్ల లెక్క వేసింది ఆమెకే. చోటు మాత్రం పెరగలేదు. బయటి మనిషిని తీసుకునే ఆలోచన మానుకోవడంతో వెళ్లేవాళ్లు ఇద్దరయ్యారు, మిగిలింది ఎనిమిది మంది, జీతాల ఖర్చు మేము వేసిన అంచనాలోనే ఉంది, ఎందుకంటే బయటి మనిషి జీతం ఆమె జీతానికి దాదాపు రెట్టింపు రాసుకున్నాం.

మార్చి 31 రాత్రి అందరం కలిసి సరుకు లెక్కపెట్టాం. కాంపోజిషన్ నుంచి బయటకు వచ్చేటప్పుడు ముందు రోజు నాటికి చేతిలో ఉన్న సరుకు మీద కట్టిన పన్నును తిరిగి లెక్కలో చూపుకోవచ్చు. దానికి GST ITC-01 ఫారం 30 రోజుల్లోగా వేయాలి, ఏడాది దాటని కొనుగోలు బిల్లు ఉండాలి. 22 లక్షల సరుకు, అందులో ఇరుక్కున్న పన్ను సుమారు లక్ష. ఒక్కో చీర ఏ బిల్లులో వచ్చిందో చెప్పగలిగింది ఆ పెద్దావిడే. వెళ్లిపోవాల్సిన ఇద్దరూ కూడా ఆ రాత్రి వచ్చారు, ఎవరూ పిలవకుండానే. రెండు గంటలకు లెక్క ముగిసింది. బిల్లు దొరకని చీరలు 31 మిగిలాయి. వాటిని విడిగా ఒక సంచిలో కట్టి గోదాము తలుపు పక్కన పెట్టాం.